లైవ్‌లో 40 ట్రేడులకి 19 గెలుపులే. స్ట్రాటజీ ఆపేయాలా, ఆగాలా?

ఉప్పల్_ఓఆర్‌బీ
ఓపెనింగ్ రేంజ్ బ్రేకౌట్. 9:15 నుంచి 9:45 దాకా హై, లో గీసుకుంటాను, ఏ వైపు దాటితే ఆ వైపు ఫ్యూచర్స్‌లో ఎంట్రీ. బ్యాక్‌టెస్ట్‌లో 400 ట్రేడులకి 232 గెలుపులు, అంటే 58 శాతం. ఖర్చులన్నీ పోగా గెలిస్తే సగటున 33 పాయింట్లు, ఓడితే 37 పాయింట్లు. లైవ్‌లో ఇప్పటికి 40 ట్రేడులు అయ్యాయి, గెలిచినవి 19. అందులోనూ మొదటి ఇరవైలో 13 వచ్చాయి, తర్వాతి ఇరవైలో 6 మాత్రమే. ఇది దురదృష్టమా, స్ట్రాటజీ చెడిందా? ఎన్ని ట్రేడులు చూశాక ఒక మాట అనుకోవచ్చు?

చార్మినార్_చార్ట్స్
వరుసగా ఎన్ని లాసులు వచ్చినయో చెప్పు ముందు. నా రూల్ ఒక్కటే, వరుసగా ఆరు పోతే ఆపేసుడే. 58 శాతం గెలిచేదానికి ఆరు వరుసగా పోవుడు ఏంది?

ఉప్పల్_ఓఆర్‌బీ
చివరి ఇరవైలో ఒకసారి ఆరు వరుసగా పోయాయి అన్నా. అందుకే భయం పట్టుకుంది.

బేగంపేట_బీటా
ఆ ఆరు గురించి భయపడకు. ఓటమి 42 శాతం అయితే 40 ట్రేడుల్లో ఎక్కడో ఒకచోట ఆరు వరుసగా పోయే అవకాశం సుమారు 11 శాతం. 400 ట్రేడుల్లో అయితే 70 శాతం దాటుతుంది. బ్యాక్‌టెస్ట్ ట్రేడ్ లిస్ట్ తెరిచి చూడు, అందులోనే ఆరు వరుస ఓటములు కనిపించవచ్చు. చార్మినార్ భాయ్ రూల్ ప్రకారం నడిస్తే బాగున్న స్ట్రాటజీని కూడా ఏడాది రెండేళ్లకోసారి పక్కన పడేస్తాం.

అసలు లెక్క ఇది. ముందు బ్రేక్ ఈవెన్ తీయి: 37/(33+37) = 52.86 శాతం. నీ ప్రశ్న "58 నుంచి తగ్గిందా" అని కాదు, "52.86 కన్నా కిందికి దిగిందా" అని. విన్ రేట్ ఒకే అంకె అనుకోకుండా బీటా డిస్ట్రిబ్యూషన్‌గా రాసుకో. గెలుపు వస్తే మొదటి అంకెకి ఒకటి, ఓటమి వస్తే రెండో అంకెకి ఒకటి కలుపుతావు, అంతే. బ్యాక్‌టెస్ట్ ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతుంది, ఆ మొదలునే ప్రయర్ అంటారు. షీట్‌లో ఒక్క ఫార్ములా చాలు:

```
=BETA.DIST(0.5286, 232+19, 168+21, TRUE)
```

నిజమైన విన్ రేట్ బ్రేక్ ఈవెన్ కింద ఉండే అవకాశం వస్తుంది. ఇక్కడ 4 శాతం దగ్గర.

చార్మినార్_చార్ట్స్
అయితే ఏం కాలే అన్నట్టు. నడిపించుకో.

లెక్కల_లక్ష్మి
ఆగండి, ఆ 4 శాతాన్ని అలా నమ్మకండి. బ్యాక్‌టెస్ట్‌లోని ఒక ట్రేడూ లైవ్‌లోని ఒక ట్రేడూ సమానమే అనుకుంటే వచ్చిన అంకె అది. ఉప్పల్ గారూ, ఈ 30 నిమిషాలు, ఈ స్టాపు, ఈ టార్గెట్ మొదటి ప్రయత్నంలోనే దొరికాయా?

ఉప్పల్_ఓఆర్‌బీ
లేదండి. 15, 30, 45, 60 నిమిషాలు, వాటికి రకరకాల స్టాపులు పెట్టి చూశాను. మొత్తం ఒక 60 కాంబినేషన్లు ఉంటాయి. అందులో ఇదే బెస్ట్.

లెక్కల_లక్ష్మి
చిక్కంతా అక్కడే ఉంది. 400 ట్రేడుల్లో విన్ రేట్‌కి సహజమైన ఊగిసలాట రెండున్నర శాతం. ఒకదానితో ఒకటి సంబంధం లేని 60 ప్రయత్నాల్లో అత్యుత్తమమైనదాన్ని ఏరుకుంటే, ఏ గొప్పా లేకపోయినా అది దాదాపు 2.3 రెట్లు పైన నిలబడుతుంది, అంటే ఐదారు శాతం పైకి. మీ 60 ఒకదానికొకటి దగ్గర చుట్టాలే కాబట్టి అంత ఉండదు. కానీ 58లో కొంత భాగం ఏరుకోవడం వల్ల వచ్చిందే. బ్యాక్‌టెస్ట్‌కి 400 బరువు ఇవ్వకండి. 50 ఇవ్వండి, అంటే Beta(29,21). దానికి లైవ్ కలిపితే Beta(48,42). అదే ఫార్ములా పెట్టి చూడండి.

ఉప్పల్_ఓఆర్‌బీ
46 శాతం వస్తోంది! 4 నుంచి 46కి పోయిందేంటి?

మియాపూర్_మొమెంటమ్
బ్యాక్‌టెస్ట్‌నే నమ్మకపోతే Beta(1,1) పెట్టుకోండి. లైవ్ ఒక్కటే మాట్లాడుతుంది. నేను చూశాను, 75 దాటుతోంది. ఆపేయమనే కదా.

బేగంపేట_బీటా
Beta(1,1) అంటే ట్రేడింగ్ మొదలుపెట్టే ముందు విన్ రేట్ 5 శాతమైనా 95 శాతమైనా ఒకేలా నమ్మాను అని. స్టాపూ టార్గెట్టూ దాదాపు సమానంగా ఉన్న ఓఆర్‌బీకి 95 శాతం వస్తుందని ఎవరైనా నమ్ముతారా? అది నిష్పక్షపాతం కాదు, తెలిసిన సంగతిని పారేయడం.

లక్ష్మి గారితో ఒప్పుకుంటాను, 400 నేను తొందరపడి పెట్టాను. 40 ట్రేడులు మారలేదు, ప్రయర్ ఒక్కటే మారింది, జవాబు 4, 46, 75గా వచ్చింది. అంటే ఈ దశలో డేటా కన్నా "బ్యాక్‌టెస్ట్ ట్రేడు ఎన్ని లైవ్ ట్రేడుల పెట్టు" అన్న నీ నిర్ణయమే ఎక్కువ మాట్లాడుతోంది. ఆ బరువు లైవ్ మొదలుపెట్టకముందే రాసి పెట్టుకోవాలి. నష్టం చూశాక బరువు మార్చితే కావలసిన జవాబు ఎప్పుడైనా తెప్పించుకోవచ్చు.

తార్నాక_థీటా
నాది నిఫ్టీ షార్ట్ స్ట్రాంగిల్, విన్ రేట్ 88. లైవ్‌లో 50కి 45 గెలిచాను, అంటే 90. ఈ లెక్క ప్రకారం నాది ఇంకా బాగుపడినట్టేగా?

లెక్కల_లక్ష్మి
మీకు ఈ లెక్క పనికిరాదు థీటా గారూ. గెలిస్తే ఒక వంతు, ఓడితే ఏడెనిమిది వంతులు పోయే చోట బ్రేక్ ఈవెన్ 88 దగ్గరే ఉంటుంది. ఓటమి 7 వంతులైతే 7/8, అంటే 87.5. 8 వంతులైతే 8/9, అంటే 88.9. మీ ఐదు ఓటముల సగటు కొంచెం పెరిగితే చాలు, విన్ రేట్ కదలకుండానే స్ట్రాటజీ నష్టంలోకి జారుతుంది. మీరు చూడాల్సింది ఓటమి సైజు. ఐదు ఓటములతో అది తేలదు.

తార్నాక_థీటా
నా ఓటముల్లో ఒకటి 11 వంతులు. వేరే దారం మొదలుపెడతా, ఇక్కడ కలపను.

మియాపూర్_మొమెంటమ్
ఉప్పల్ ప్రశ్నకి వద్దాం. మొదటి ఇరవైలో 13, రెండో ఇరవైలో 6. బీటా లెక్కకి ఈ క్రమం కనిపించదు, అది మొత్తం 19 మాత్రమే చూస్తుంది. పాతవాటిని మర్చిపోయేలా చేయాలి. ప్రతి ట్రేడుకీ రెండు అంకెల్నీ 0.9తో గుణించి కొత్తది కలపండి. నేను అలాగే చేస్తాను.

బేగంపేట_బీటా
సగం సరైన మాట. క్రమం చూడాలి, నిజమే. స్ట్రాటజీ మధ్యలో చెడితే మంచి రోజుల గెలుపులు చెడ్డ రోజుల్ని చాలాకాలం దాచేస్తాయి. కానీ 0.9 అంటే జ్ఞాపకం 10 ట్రేడులే. పది ట్రేడులతో విన్ రేట్ అటూ ఇటూ 15 శాతం ఊగుతుంది. వారానికోసారి ఆపమంటుంది, మళ్లీ వారం నడపమంటుంది. 0.98 పెడితే జ్ఞాపకం 50. అందులోనూ అలా గుణిస్తూ పోతే ప్రయర్ కూడా కరిగిపోతుంది, కాబట్టి ప్రయర్ వైపుకి మర్చిపోవాలి. lam అంటే ఆ 0.98, a0, b0 అంటే ప్రయర్ అంకెలు:

```python
a = lam*a + (1-lam)*a0 + win
b = lam*b + (1-lam)*b0 + (1-win)
```

అయినా నాకు దీనికన్నా ఇంకో పద్ధతి నచ్చుతుంది. ప్రశ్న "చెడిందా లేదా" కాబట్టి రెండు స్థితులే పెట్టుకో. బాగుంటే 58, చెడితే 48. ప్రతి ట్రేడుకి ముందు చెడిపోయే అవకాశం 200లో ఒకటి.

```python
def step(d, win, h=0.005, g=0.58, k=0.48):
    d = d + (1-d)*h
    lg, lk = (g, k) if win else (1-g, 1-k)
    return d*lk / (d*lk + (1-d)*lg)
```

d అంటే చెడి ఉండే అవకాశం. 0.10తో మొదలుపెట్టు. h పక్కన పెట్టి చూస్తే, ఒక ఓటమి d/(1-d) నిష్పత్తిని 0.52/0.42, అంటే 1.24 రెట్లు చేస్తుంది. ఒక గెలుపు 0.48/0.58, అంటే 0.83 రెట్లు చేస్తుంది. ఒక్కో ట్రేడు చెప్పే సాక్ష్యం అంతే, చాలా చిన్నది. నీ 40 ట్రేడులు కలిపితే 2.4 రెట్లు. నిష్పత్తి 1/9 నుంచి 0.27 అవుతుంది, అంటే 10 శాతం అనుమానం 21 శాతం అవుతుంది.

ఉప్పల్_ఓఆర్‌బీ
అయితే ఎన్ని ట్రేడులు కావాలి అన్న నా మొదటి ప్రశ్నకి జవాబు?

బేగంపేట_బీటా
స్ట్రాటజీ నిజంగా 48కి పడిపోయిందనుకో. h లేకుండా లెక్కిస్తే, 10 శాతం అనుమానం 90కి చేరడానికి సగటున 215 ట్రేడులు దాటుతాయి. రోజుకొకటి చొప్పున పది నెలలు. ఆలోపు ట్రేడుకి సగటున 3.4 పాయింట్లు పోతుంటాయి.

కాబట్టి 90 కోసం కూర్చోకూడదు. గీత ఎక్కడ గీయాలో డబ్బే చెబుతుంది. బాగుంటే ట్రేడుకి 3.6 పాయింట్లు వస్తాయి, చెడితే 3.4 పోతాయి. రెండూ తూగే చోటు 3.6/7.0, అంటే 51 శాతం దగ్గర. d అది దాటితే సగటున నష్టానికి ఆడుతున్నట్టే. అక్కడికి చేరడానికి సుమారు 110 ట్రేడులు పడుతుంది.

చార్మినార్_చార్ట్స్
51కే ఆపేస్తే బాగున్నదాన్ని కూడా ఆపేసినట్టు అయితది గదా. నా ఆరు లాసుల రూల్‌ని తప్పన్నవ్, గిదీ గంతే.

బేగంపేట_బీటా
మంచి ప్రశ్న భాయ్. స్ట్రాటజీ నిజంగా 58 దగ్గరే ఉంటే, d 10 నుంచి 51కి చేరాలంటే d/(1-d) నిష్పత్తి తొమ్మిదిన్నర రెట్లు పెరగాలి, ఎప్పటికైనా అలా పెరిగే అవకాశం గరిష్ఠంగా తొమ్మిదిన్నరలో ఒక వంతు. ఎన్నాళ్లు నడిపినా, ప్రతి ట్రేడు తర్వాత తొంగి చూసినా, అది దాటదు. 1940లలో అబ్రహం వాల్డ్ వరుస పరీక్షలకి ఇచ్చిన లెక్క ఇదే కోవది. పదింటిలో ఒకసారి పొరపాటు పడతావని ముందే తెలుసు. ఆరు లాసుల రూల్‌కి అలాంటి పైగీత లేదు, ఎంతకాలం ఆడితే అంత తప్పక తగులుతుంది. కానీ ఈ హామీ h సున్నా అయినప్పుడే. h పెట్టాక తప్పుడు అలారాలు అప్పుడప్పుడూ వస్తూనే ఉంటాయి.

కోఠి_నోట్‌బుక్
h తో పెట్టి ఉప్పల్ డేటా నడిపాను. మొదటి ఇరవైలో 13, రెండో ఇరవైలో 6, లోపల సమంగా పరిచాను. d 53 వచ్చింది. అదే 19 గెలుపుల్ని తిరగేసి, ముందు 6, తర్వాత 13 పెడితే 35. మియాపూర్ అన్న క్రమం తేడా ఇంత ఉంది. 53 అంటే గీత దాటేసింది.

ఉప్పల్_ఓఆర్‌బీ
అయితే సోమవారం నుంచి ఆపేస్తాను.

లెక్కల_లక్ష్మి
ఆపే ముందు ఒక్క మాట. 40 ట్రేడులు ఎన్ని రోజుల్లో జరిగాయి?

ఉప్పల్_ఓఆర్‌బీ
27 రోజులు. మొదటి 14 రోజులు నిఫ్టీ ఒక్కటే. బాగా వస్తోందని 15వ రోజు నుంచి బ్యాంక్ నిఫ్టీ కూడా కలిపాను, అదే రూల్. అంటే 13 రోజులు రెండేసి.

లెక్కల_లక్ష్మి
బ్యాక్‌టెస్ట్‌లో బ్యాంక్ నిఫ్టీ ఉందా?

ఉప్పల్_ఓఆర్‌బీ
లేదు. 400 కూడా నిఫ్టీవే.

లెక్కల_లక్ష్మి
అందుకే అడిగాను. మీ 40లో రెండు తప్పులు కలిసిపోయాయి. ఒకటి, ఉదయం నిఫ్టీ రేంజ్ దాటి వెనక్కి వచ్చిన రోజున బ్యాంక్ నిఫ్టీ కూడా చాలాసార్లు అదే చేస్తుంది. ఒకే ఓటమిని రెండుసార్లు లెక్కేస్తున్నారు. రెండు ట్రేడుల మధ్య సంబంధం 0.8 అయితే ఒక్కోదాని బరువు 1/1.8, అంటే 0.56 మాత్రమే. రెండోది, బ్యాంక్ నిఫ్టీకి 58 అన్న అంచనా ఎక్కడి నుంచి వచ్చింది? దాని పాయింట్లు వేరు, బ్రేక్ ఈవెన్ వేరు. అది వేరే స్ట్రాటజీ, దానికి వేరే ప్రయర్. నిఫ్టీవి, బ్యాంక్ నిఫ్టీవి విడదీసి చెప్పండి.

ఉప్పల్_ఓఆర్‌బీ
మొదటి 14లో నిఫ్టీ 9 గెలుపులు. తర్వాతి 13 రోజుల్లో నిఫ్టీ 5, బ్యాంక్ నిఫ్టీ 5.

కోఠి_నోట్‌బుక్
నిఫ్టీ 27 ట్రేడులు, 14 గెలుపులు. మళ్లీ నడిపాను, d 27 దగ్గర. ఇందాక 53.

h తీసేసి, లక్ష్మి గారు చెప్పినట్టు జంట రోజులకి 0.56 బరువు పెట్టి మొత్తం 40 చూస్తే, ఇందాక 21 వచ్చిన చోట 12 వస్తోంది.

బేగంపేట_బీటా
నేను అడగాల్సిన ప్రశ్న అది. లక్ష్మి గారూ, షీట్‌లో మొదటి కాలమ్ తేదీ ఉండాలి, ట్రేడు నంబర్ కాదు అని ఇకపై అందరికీ చెబుతాను.

మియాపూర్_మొమెంటమ్
అయినా నిఫ్టీలో చివరి 13కి 5. అది బాగున్నట్టా?

బేగంపేట_బీటా
బాగోలేదు, కానీ 58 శాతం స్ట్రాటజీకి 13లో 5 లేదా అంతకన్నా తక్కువ రావడం వింతేమీ కాదు. 27 శాతం అనుమానంతో ట్రేడుకి ఆశించే రాబడి 3.6 - 7.0×0.27, అంటే 1.7 పాయింట్లు. పూర్తి నమ్మకంలో ఉన్న 3.6లో సగం కన్నా తక్కువ. నేనైతే నిఫ్టీ సగం సైజులో నడుపుతాను, బ్యాంక్ నిఫ్టీని పేపర్ మీదికి మారుస్తాను.

చార్మినార్_చార్ట్స్
గట్ల సైజు మెల్లగ తగ్గించుడు నాకు నచ్చింది. ఆపుడు, నడుపుడు రెండే ఉంటే చెయ్యి వణుకుతది.

కోఠి_నోట్‌బుక్
పేపర్‌లో జాగ్రత్త. బ్రేకౌట్ ఎంట్రీకి పేపర్ ఫిల్ ఎప్పుడూ రేంజ్ గీత మీదే పడుతుంది. లైవ్‌లో ఆ గీత దగ్గర అందరి స్టాప్ ఆర్డర్లూ పేలతాయి, రెండు మూడు పాయింట్లు పైన దొరుకుతుంది. ఆపాక d ని పేపర్ ట్రేడులతోనే అప్‌డేట్ చేస్తే అది తీయగా కిందికి దిగి మళ్లీ మొదలుపెట్టమంటుంది. పేపర్ ఎంట్రీకి కనీసం మీ లైవ్ సగటు స్లిప్పేజ్ కలపండి.

లెక్కల_లక్ష్మి
ఇంకొకటి. 33, 37 అన్నవి ఏ ఖర్చులతో వచ్చాయి? 2024 అక్టోబర్ 1న ఫ్యూచర్స్ అమ్మకం మీద ఎస్‌టీటీ 0.0125 నుంచి 0.02 శాతమైంది. నిఫ్టీ 25,000 దగ్గర అది 3 పాయింట్ల నుంచి 5కి. బ్యాక్‌టెస్ట్ పాత రేటుతో ఉంటే 33 కాస్తా 31, 37 కాస్తా 39 అవుతుంది, బ్రేక్ ఈవెన్ 55.7కి ఎక్కుతుంది. తేదీతో సహా తెలిసిన మార్పుని d తో కనిపెట్టాలని చూడకండి, ముందే లెక్కలో దించేయండి.

ఉప్పల్_ఓఆర్‌బీ
చూశాను. పాత రేటే పెట్టాను, మొత్తం 400కి.

లెక్కల_లక్ష్మి
అయితే గీత కూడా మారుతుంది. 58 నిలిచినా ట్రేడుకి 31×0.58 - 39×0.42 = 1.6 పాయింట్లే. చెడితే 31×0.48 - 39×0.52 = మైనస్ 5.4. తూగే చోటు 1.6/7.0, అంటే 23 శాతం. మీ 27 దాన్ని దాటింది.

బేగంపేట_బీటా
నేను చెప్పిన సగం సైజు వెనక్కి తీసుకుంటున్నాను. 27కీ 23కీ మధ్య తేడా h, 48 అన్న మన ఊహల్లో కొట్టుకుపోయేంత చిన్నదే, కానీ ఈ ఖర్చులతో ఇంకో వంద ట్రేడులు డబ్బుతో పరీక్షించడానికి మిగిలే లాభం లేదు.

మియాపూర్_మొమెంటమ్
48 ఎందుకు? చెడితే 52 అవ్వొచ్చు, 40 అవ్వొచ్చు. 52 పెట్టి నడిపితే d అసలు కదలట్లేదు.

బేగంపేట_బీటా
కదలదు. 58కీ 52కీ తేడా చెప్పాలంటే 48తో పట్టిన దానికి రెండున్నర రెట్లకు పైగా ట్రేడులు కావాలి. 40, 48, 52 మూడూ పెట్టి బరువులు పంచవచ్చు, కోడ్ నాలుగు లైన్లు పెరుగుతుంది. కానీ ఆ బరువులు ఎవరు చెబుతారు అన్నదానికి నా దగ్గర మంచి జవాబు లేదు.

లెక్కల_లక్ష్మి
అందుకే నేను రెండు స్థితుల కన్నా 0.98 మరుపు పద్ధతి వాడతాను. అక్కడ 48ని ఊహించక్కర్లేదు.

బేగంపేట_బీటా
అక్కడ 0.98ని ఊహిస్తున్నారుగా.

ఉప్పల్_ఓఆర్‌బీ
నిఫ్టీ కూడా రేపటి నుంచి పేపర్‌లోకి. ఎంట్రీకి 3 పాయింట్లు కలుపుతాను. 400 ట్రేడుల్నీ 2024 అక్టోబర్‌కి ముందు, తర్వాత అని విడదీసి, ఆ 0.02 శాతం ఎస్‌టీటీతో మళ్లీ నడుపుతున్నాను. ఆ 60 కాంబినేషన్ల ఫలితాలు కూడా పెడతాను లక్ష్మి గారూ, బరువు 50 ఎక్కువా తక్కువా మీరే చూడండి.

లెక్కల_లక్ష్మి
పెట్టండి. బెస్ట్ ఒక్కటే కాదు, 60 విన్ రేట్లూ కావాలి. 30 నిమిషాల చుట్టుపక్కలవి కూడా 56, 57 చూపిస్తే బరువు పెంచుదాం. పక్కవి 51 దగ్గరుండి ఇదొక్కటే 58 అయితే 20కి దించుదాం.